పోల్ లింక్ ఒక్కటే పంపితే సరిపోదు, ‘నింపకపోతే ఏంటి’ అన్నది కూడా రాయండి

గ్రూప్‌లో డేట్ ఫిక్స్ చేయడానికి ఇప్పుడు టూల్స్‌కి కొదవ లేదు. వాట్సాప్‌లోనే పోల్ ఉంది. డూడుల్ ఉంది, When2meet ఉంది, ఓపెన్ సోర్స్ కావాలంటే Rallly ఉంది (అవును, స్పెల్లింగ్‌లో మూడు ఎల్‌లు ఉంటాయి). అయినా తొమ్మిది మందిలో ఐదుగురు నింపడం, మిగతా నలుగురి కోసం వారం ఆగడం, ఆ లోపు టికెట్లు అయిపోవడం మాత్రం మారలేదు. యాప్ మారిస్తే ఇది మారుతుందని నేను అనుకోను. లింక్‌తో పాటు వెళ్లే మెసేజ్‌లో రెండు విషయాలు ఉండాలి: ఎప్పటిలోపు నింపాలి, నింపకపోతే ఏం జరుగుతుంది.

మొదటిది కొందరు రాస్తారు. రెండోది దాదాపు ఎవరూ రాయరు. కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి టైమౌట్ పెట్టాం, కానీ టైమౌట్ అయ్యాక ఏం చేయాలో రాయలేదు అనుకోండి. ప్రోగ్రామ్ అక్కడే బిక్కమొహం వేస్తుంది. డిఫాల్ట్ లేని డెడ్‌లైన్ కూడా అంతే. శనివారం రాత్రి 9 అయింది, నలుగురు నింపలేదు, ఇప్పుడేంటి? ఎవరికీ తెలీదు. కాబట్టి ‘ఇంకో రెండు రోజులు చూద్దాం’ అంటారు. ఒకసారి అలా పొడిగిస్తే, మీ డెడ్‌లైన్‌కి విలువ లేదని గ్రూప్ మొత్తానికి తెలిసిపోతుంది.

ఊరికే సిద్ధాంతం చెప్పడం కంటే ఒక ప్లాన్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

తొమ్మిది మంది, మూడు శుక్రవారాలు, ఒక రైలు

బీటెక్ బ్యాచ్ తొమ్మిది మంది డిసెంబర్‌లో అరకు వెళ్లాలి. ఎక్కువమంది హైదరాబాద్‌లోనే ఉన్నారు, ఇద్దరు బెంగళూరులో ఉన్నారు కానీ హైదరాబాద్ వచ్చి కలుస్తారు, ఒకడు డాలస్ నుంచి డిసెంబర్‌లో ఇంటికి వస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి తెల్లారేసరికి వైజాగ్‌లో దిగి, అక్కడి నుంచి అరకు. ఆప్షన్లు మూడు: డిసెంబర్ 4, డిసెంబర్ 11, డిసెంబర్ 18. మూడూ శుక్రవారాలే.

ఇక్కడ డెడ్‌లైన్ మన ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు, రైల్వే పెడుతుంది. 2024 నవంబర్ 1 నుంచి అడ్వాన్స్ బుకింగ్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. ప్రయాణం రోజుని లెక్కలోకి తీసుకోరు. అంటే డిసెంబర్ 4 రైలుకి అక్టోబర్ 5 సోమవారం ఉదయం 8 గంటలకి బుకింగ్ తెరుచుకుంటుంది. డిసెంబర్ 11కి అక్టోబర్ 12న, డిసెంబర్ 18కి అక్టోబర్ 19న. శుక్రవారం రాత్రి వైజాగ్ రైళ్లలో స్లీపర్ ఎంత త్వరగా అయిపోతుందో ఒకసారైనా ట్రై చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

కాబట్టి వెనక్కి లెక్కేయాలి. మొదటి ఆప్షన్‌కి బుకింగ్ అక్టోబర్ 5 ఉదయం. ఆ ముందు రోజు, అంటే ఆదివారం, డబ్బులు కలెక్ట్ చేయడానికి, పేర్లు వయసులు తీసుకోవడానికి, ఎవరి ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కి ఆధార్ లింక్ అయి ఉందో చూసుకోవడానికి కావాలి. అంటే పోల్ శనివారం, అక్టోబర్ 3 రాత్రి 9కి ముగియాలి. ఇలా బయట ఉన్న కారణంతో వచ్చిన డెడ్‌లైన్‌ని మెసేజ్‌లో కారణంతో సహా రాస్తే ఎవరూ ‘ఎందుకురా అంత తొందర’ అనరు.

పోల్ ఎప్పుడు మొదలుపెట్టాలి? వారం ముందు పంపితే మంచిదనిపిస్తుంది. కానీ ఎక్కువమంది లింక్ చూడగానే నింపుతారు, లేదంటే చివరి రిమైండర్‌కి నింపుతారు. మధ్యలో రోజులు ఊరికే పోతాయి. నాకు మూడు రోజులు సరైన కొలత అనిపిస్తుంది. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో ఓటింగ్‌కి మామూలుగా కనీసం 72 గంటలు ఇస్తారు. ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లకైనా నిద్ర, ఆఫీస్, సెలవు అన్నీ పోను చూసే టైమ్ దొరకాలని. మన లెక్కలో బుధవారం రాత్రి 9కి పంపితే శనివారం రాత్రి 9కి సరిగ్గా 72 గంటలు. మధ్యలో అక్టోబర్ 2 సెలవు కూడా ఉంది, ‘ఆఫీస్‌లో బిజీ’ అనే సాకు ఉండదు.

ఒక చిన్న విషయం. ‘శనివారం లోపు’ అని రాయకండి. శుక్రవారం అర్ధరాత్రా, శనివారం అర్ధరాత్రా అనే డౌట్ వస్తుంది. డాలస్‌లో ఉన్నవాడికి మన శనివారం రాత్రి 9 అంటే వాడి శనివారం ఉదయం 10:30. రోజు, తేదీ, గంట, ‘ఇండియా టైమ్’ నాలుగూ రాయండి.

ఒక డిఫాల్ట్ అనుకుంటాం, నిజానికి రెండు కావాలి

అసలు సంగతి ఇక్కడుంది. ‘డిఫాల్ట్’ అనగానే చాలామంది ఒకటే అనుకుంటారు: రిప్లై ఇవ్వకపోతే ఓకే అన్నట్టు. నా అభిప్రాయంలో అది చాలా ప్రమాదకరమైన డిఫాల్ట్. ఎందుకంటే అక్కడ రెండు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయాయి.

ఒకటి గ్రూప్ గురించి: పోల్ తేలకపోతే ఏ డేట్? రెండోది మనిషి గురించి: నింపనివాడిని వస్తున్నట్టు లెక్కేయాలా, రానట్టు లెక్కేయాలా?

మొదటి ప్రశ్నకి ఆర్గనైజ్ చేసేవాడు ముందే ఒక డేట్ చెప్పొచ్చు. టై అయినా, సగం మంది కూడా నింపకపోయినా ఆ డేటే. ఏ డేట్ పెట్టాలి? ‘నాకు కుదిరేది’ అని పెడితే గ్రూప్‌కి వెంటనే వాసన వస్తుంది. తప్పు చేసినా సర్దుకోవడానికి టైమ్ ఉండే ఆప్షన్ పెట్టాలి. మన కేసులో డిసెంబర్ 4 డిఫాల్ట్ అయితే పోల్ ముగిసిన 35 గంటలకే బుకింగ్. ఎవరైనా ‘అయ్యో నేను చూడలేదు’ అన్నా చేసేదేమీ లేదు. డిసెంబర్ 18 అయితే సెలవులకి దగ్గర, రద్దీ ఎక్కువ. డిసెంబర్ 11 అయితే పోల్ తర్వాత తొమ్మిది రోజులకి బుకింగ్. కాబట్టి డిఫాల్ట్ డిసెంబర్ 11. ఇది ఒక్క ఓటు కూడా పడకముందే రాయాలి. ఓట్లు చూశాక డిఫాల్ట్ చెబితే, మీరు గెలిచే టీమ్‌ని చూసి రూల్ మార్చినట్టే.

రెండో ప్రశ్నకి నా సమాధానం సూటిగా ఉంటుంది: డబ్బు ఖర్చయ్యే చోట నిశ్శబ్దం అంటే ‘రావట్లేదు’. నింపనివాడి పేరు మీద టికెట్ తీస్తే ఏమవుతుందో చూడండి. వాడు రాకపోతే క్యాన్సిలేషన్ ఛార్జ్ కట్ అవుతుంది, కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. వాడి బదులు ఇంకో ఫ్రెండ్‌ని ఎక్కిద్దామంటే కుదరదు, టికెట్ మీద పేరు మార్చుకోవడం మామూలు ప్రయాణికులకి సొంత కుటుంబ సభ్యుల మధ్యే సాధ్యం. అదే వాడిని లెక్కలో వేసుకోకపోతే? తర్వాత మేల్కొంటే అదే రైలుకి సొంతంగా బుక్ చేసుకుంటాడు. మహా అయితే వేరే కోచ్ వస్తుంది.

అపాచీ వాళ్ల పద్ధతిలో కూడా ఈ తేడా ఉంది. మామూలు మార్పులకి ‘లేజీ కన్సెన్సస్’ చాలు, అంటే ఎవరూ అడ్డు చెప్పకపోతే ముందుకెళ్లొచ్చు. కోడ్‌ని వెనక్కి తీసుకోవడం తేలిక కాబట్టి. కానీ సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి అది చెల్లదు, కనీసం మూడు ప్లస్ వన్ ఓట్లు పడాలి, వ్యతిరేకం కంటే అనుకూలం ఎక్కువ ఉండాలి. ఒకసారి బయటికి వెళ్లిన రిలీజ్‌ని జనం డౌన్‌లోడ్ చేసుకున్నాక వెనక్కి లాగలేం కదా. వెనక్కి తీసుకోగలిగితే మౌనం సరిపోతుంది, తీసుకోలేకపోతే నోరు తెరిచి ‘అవును’ అనాలి. టికెట్‌కీ ఇదే రూల్ పెట్టమంటున్నాను.

ఇవన్నీ కలిపితే మెసేజ్ ఇంతే అవుతుంది:

> అరకు డేట్ పోల్ ఇదిగో. శనివారం, అక్టోబర్ 3, రాత్రి 9 (ఇండియా టైమ్) లోపు మూడు డేట్లకీ మార్క్ చేయండి. సోమవారం ఉదయం 8కి బుకింగ్ ఓపెన్ అవుతుంది, అందుకే.
> ఎక్కువమంది రాగలిగే డేట్ ఫిక్స్. టై అయినా, ఐదుగురి కంటే తక్కువ నింపినా డిసెంబర్ 11.
> నింపనివాళ్లకి టికెట్ తీయం. తర్వాత రావాలంటే అదే రైలుకి మీరే బుక్ చేసుకోండి, స్టేషన్‌లో కలుద్దాం.

బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. నింపినా నింపకపోయినా ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.

యాప్ ఎక్కడ తేడా తెస్తుంది

యాప్ ముఖ్యం కాదన్నాను కదా, ఒక్క చోట మాత్రం ముఖ్యమే. డూడుల్, Rallly లాంటి వాటిలో ప్రతి డేట్‌కి మూడు జవాబులు ఇవ్వొచ్చు: అవును, కాదు, మధ్యలో `If need be`, అంటే ‘తప్పదంటే వస్తా’. వాట్సాప్ పోల్‌లో టిక్ పెట్టడం, పెట్టకపోవడం, అంతే.

తొమ్మిది మందిలో ఏడుగురు నింపారు, ఇద్దరు సైలెంట్ అనుకుందాం. డిసెంబర్ 18కి ఐదుగురు అవును, ఇద్దరు కాదు. డిసెంబర్ 4కి నలుగురు అవును, ఒకరు తప్పదంటే వస్తా, ఇద్దరు కాదు. డిసెంబర్ 11కి ముగ్గురే అవును, కానీ ముగ్గురు తప్పదంటే వస్తా, ఒక్కరే కాదు.

వాట్సాప్ పోల్‌లో జనం గట్టి ‘అవును’కే టిక్ పెడితే డిసెంబర్ 18 ఐదు ఓట్లతో గెలుస్తుంది, డిసెంబర్ 11 మూడు ఓట్లతో చివర్లో ఉంటుంది. కానీ మనం అడిగింది ‘ఎవరికి ఏది ఇష్టం’ అని కాదు, ‘ఎవరు రాగలరు’ అని. ఆ లెక్కన డిసెంబర్ 11కి ఆరుగురు, మిగతా రెండింటికీ ఐదుగురు చొప్పున. రూల్ ప్రకారం డిసెంబర్ 11. పైగా ఆరుగురంటే ఒకే పీఎన్ఆర్‌లో సరిపోతారు. ఏడో మనిషి ఉంటే రెండో టికెట్, వీలైతే రెండో అకౌంట్‌లో ఇంకొకరు 8 గంటలకి రెడీగా కూర్చోవాలి.

ఇప్పుడు డిసెంబర్ 4కి ‘కాదు’ అన్న ఇద్దరిలో ఒకరు ‘తప్పదంటే వస్తా’ అన్నారనుకోండి. ఆరు, ఆరు, టై. సాధారణంగా గొడవ మొదలయ్యేది ఇక్కడే. ఇక్కడ మాత్రం ముందే రాసిన లైన్ ఉంది, డిసెంబర్ 11. చర్చ లేదు.

‘లింక్ ఓపెన్ చేసే ఓపిక మా వాళ్లకి లేదు, వాట్సాప్‌లోనే పెడతా’ అంటారా? పెట్టండి, తప్పేం లేదు. ఒక వాట్సాప్ పోల్‌లో 12 ఆప్షన్ల వరకు పెట్టొచ్చు. అందులో ఒకటి తప్పకుండా ‘ఏ డేటూ కుదరదు’ అని ఉండాలి. అది లేకపోతే ‘చూశాడు, రాలేడు’, ‘అసలు చూడలేదు’ అనే ఇద్దరూ మీకు ఒకేలా కనిపిస్తారు. తర్వాత పోల్‌ని పిన్ చేయండి, లేకపోతే మీమ్స్ కింద కూరుకుపోతుంది. ఓటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి శనివారం 9కి స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో వేయండి, అదే ఫైనల్.

ఇంకో ఉపయోగం: మీరు పెట్టిన పోల్ మీద లాంగ్ ప్రెస్ చేసి మెసేజ్ ఇన్ఫోలోకి వెళ్తే ఎవరు చదివారో కనిపిస్తుంది. రీడ్ రిసీట్స్ ఆఫ్ చేసుకున్నవాళ్లు కూడా గ్రూప్‌లో దాక్కోలేరు. చదివి నింపనివాడికి, చదవనే చదవనివాడికి రిమైండర్ వేరుగా ఉండాలి. మొదటివాడికి ఏదో ఇబ్బంది ఉందని అర్థం, విడిగా అడగండి. రెండోవాడికి ఒక ఫోన్ కాల్ చాలు. గ్రూప్‌లో ‘@అందరూ నింపండి ప్లీజ్’ అని నాలుగుసార్లు కొడితే, ముందే నింపినవాళ్లు గ్రూప్‌ని మ్యూట్ చేయడం తప్ప ఇంకేం జరగదు.

లింక్ పోల్స్‌లో ఒక చికాకు ఉంది. లాగిన్ అక్కర్లేదు, పేరు టైప్ చేస్తే చాలు. అది సౌకర్యమే, కానీ మా బ్యాచ్‌లో సాయి అనే పేరుతో నలుగురు ఉన్నారు. పోల్‌లో ‘సాయి’ అని రెండు వరసలు కనిపిస్తే ఎవరిని అడగాలి? ‘ఇంటి పేరు మొదటి అక్షరం కూడా వేయండి’ అని మెసేజ్‌లోనే చెప్పేయండి. When2meet సంగతంటారా, అది వారంలో ఏ గంట ఖాళీ అని రంగు పూసి చూపించే గ్రిడ్. స్టడీ గ్రూప్ టైమింగ్‌కి బాగుంటుంది, ఫోన్‌లో వేలితో పూయడం కొంచెం కష్టం, డేట్ల కోసం అయితే అంత అవసరం లేదు.

ఈ పద్ధతి ఎక్కడ వాడకూడదు

ఒకరు లేకపోతే ప్లానే లేదు అన్నప్పుడు పోల్ పెట్టకండి. అరకులో తిరగడానికి కారు నడిపేది ఒక్కడే అయితే, ప్రాజెక్ట్ రివ్యూకి గైడ్ సార్ తప్పనిసరి అయితే, ముందు వాళ్లని అడిగి, వాళ్లకి కుదిరే డేట్లే పోల్‌లో పెట్టాలి. ఎనిమిది మంది ఓకే అన్న డేట్‌కి ఆ తొమ్మిదో మనిషే లేకపోతే ఆ ఎనిమిది ఓట్లకి అర్థం లేదు. అలాగే డ్యూటీ రోస్టర్ వారం ముందు గానీ రాని నర్స్ ఫ్రెండ్‌నో, నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాడినో ‘నింపలేదు’ అని తీసేయడం అన్యాయం. వాళ్లు ‘నా రోస్టర్ ఫలానా రోజు వస్తుంది’ అని చెబితే అది కూడా జవాబే. పోల్ మీద డేట్ ఫిక్స్ చేసేయండి, వాళ్ల సీటు సంగతి బుకింగ్ ముందు రోజు దాకా ఓపెన్‌గా ఉంచండి. డిసెంబర్ 11 డిఫాల్ట్ పెట్టడం వల్ల ఆ తొమ్మిది రోజులు చేతిలో ఉన్నాయి కదా.

అన్నిటికంటే నాకు కోపం వచ్చే వాడకం ఆఫీసులోది. నేను పనిచేసిన ఒక టీమ్‌లో లీడ్ శుక్రవారం సాయంత్రం 6కి పోల్ లింక్ పడేసేవాడు. ‘7 లోపు అబ్జెక్షన్ లేకపోతే శనివారం 10కి డిప్లాయ్‌మెంట్ కాల్’ అని కింద లైన్. చూడటానికి నేను పైన చెప్పినట్టే ఉంది: లింక్ ఉంది, డెడ్‌లైన్ ఉంది, డిఫాల్ట్ ఉంది. కానీ గంట టైమ్‌లో, బస్సులో ఉన్న ఫ్రెషర్, తన అప్రైజల్ రాసే మనిషికి ‘నాకు కుదరదు’ అని అందరికీ కనిపించేలా టిక్ పెడతాడా? పెట్టడు. అక్కడ మౌనం అంగీకారం కాదు, భయం. అది వాడుకుని వీకెండ్ తీసేసుకోవడం ఈ పద్ధతి పేరుతో చేసే మోసం.

ఫ్రెండ్స్ మధ్య, ఆఫీసులో తేడా ఎలా పట్టుకోవాలి? ఒక ప్రశ్న చాలు: డిఫాల్ట్ అమలైతే నష్టపోయేది ఎవరు? అరకు కేసులో నింపనివాడు నష్టపోయేది కోచ్ నంబర్ మాత్రమే. ఆఫీస్ పోల్‌లో నింపనివాడు తన శనివారం పోగొట్టుకుంటాడు, పోల్ పెట్టినవాడికి ఏ నష్టమూ లేదు. పై చేయి ఉన్నవాళ్లు పోల్ పెడితే డిఫాల్ట్ ఎప్పుడూ ‘మీటింగ్ లేదు’ అనే ఉండాలి. కాల్ కావాలంటే తగినంతమంది ‘అవును’ అనాలి. జూనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అలాంటి లింక్ వచ్చినప్పుడు టీమ్‌లో మర్యాదగా ఒక్క మాట అడగండి: ‘రిప్లై రాకపోతే సోమవారానికి మార్చేలా పెడదామా సార్?’ ఒక్కరు అడిగితే మిగతావాళ్లు థంబ్స్ అప్ కొట్టడం నేను చూశాను.

యాప్ చేసేవాళ్లకి ఒక రిక్వెస్ట్

నేను వాడిన టూల్స్‌లో పోల్ తయారు చేసే స్క్రీన్ మీద టైటిల్ ఉంటుంది, ఆప్షన్లు ఉంటాయి, కొన్నిట్లో ముగిసే టైమ్ కూడా పెట్టొచ్చు. ‘తేలకపోతే ఏది’ అనే బాక్స్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఒక డ్రాప్‌డౌన్ పెట్టడం ఒక మధ్యాహ్నం పని. మొదటి ఓటు పడ్డాక దాన్ని లాక్ చేసేస్తే ఆర్గనైజర్ మీద అనుమానం కూడా ఉండదు. టైమ్ అయ్యాక ఫలితాన్ని అదే లింక్‌లో పెద్దక్షరాల్లో చూపిస్తే స్క్రీన్‌షాట్ పని కూడా తప్పుతుంది.

అది వచ్చే దాకా కీబోర్డ్ ఉంది. ఆ మూడు లైన్ల మెసేజ్ కాపీ చేసుకుని డేట్లు మార్చి వాడుకోండి. సంక్రాంతికి ఊరెళ్లే రైళ్ల బుకింగ్ కూడా నవంబర్ రెండో వారంలోనే తెరుచుకుంటుంది, మీ గ్రూప్‌లో పోల్ ఇంకా పెట్టకపోతే 60 రోజులు వెనక్కి లెక్కేసుకుని ముందు డెడ్‌లైన్ రాసుకోండి, లింక్ తర్వాత తయారు చేయొచ్చు.